గూగుల్ ఫొటోస్ నుంచి ఐక్లౌడ్‌కు: జిప్ డౌన్‌లోడ్ చేసుకోవాలా, నేరుగా పంపేయాలా?

ఇంట్లో ఒకరు ఆండ్రాయిడ్ ఫోన్ పక్కన పెట్టి ఐఫోన్ కొన్నారు. కాంటాక్ట్‌లు వచ్చాయి, వాట్సాప్ చాట్‌లు వచ్చాయి. పదేళ్ల ఫొటోలు మాత్రం గూగుల్ ఫొటోస్‌లోనే ఉండిపోయాయి. పెళ్లి, పిల్లల పుట్టినరోజులు, ఇప్పుడు లేని తాతయ్య వీడియోలు... అన్నీ అక్కడే. ఒకటి రెండు నెలలు రెండు యాప్‌లతో నెట్టుకొస్తారు. తర్వాత స్టోరేజీ రెన్యువల్ మెసేజ్ వస్తుంది. రెండు చోట్లా డబ్బులు ఎందుకు కట్టాలన్న ప్రశ్న అప్పుడు మొదలవుతుంది.

ఇక్కడ చాలామందికి తెలిసిన దారి ఒక్కటే. మొత్తం డేటాను జిప్ ఫైళ్లుగా డౌన్‌లోడ్ చేసుకుని, కొత్త చోట అప్‌లోడ్ చేయడం. రెండో దారి కూడా ఉంది. మీ ఫోన్‌తో, మీ నెట్ ప్యాక్‌తో పని లేకుండా గూగుల్ సర్వర్ నుంచి ఆపిల్ సర్వర్‌కు ఫొటోలు నేరుగా వెళ్లిపోతాయి. రెండూ ఉచితమే. అయితే ఒకదాని పని రెండోది చేయదు. తేడా తెలియక పాత అకౌంట్ ఖాళీ చేసుకుంటే మాత్రం నష్టం మనదే.

ముందు ఒక ఇంటి లెక్క వేద్దాం

ఒక కుటుంబానికి గూగుల్ ఫొటోస్‌లో 62 జీబీ ఉందనుకుందాం. ఈ రోజుల్లో ఇది పెద్ద లెక్కేం కాదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి ఉంటుంది. 2021 జూన్ 1 తర్వాత అప్‌లోడ్ చేసిన ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి, ఈ ఇంటివాళ్లు ఎప్పుడో 100 జీబీ ప్లాన్ తీసుకుని ఉంటారు.

వీళ్లు జిప్ దారి పట్టారనుకోండి. గూగుల్‌లో ఈ పనికి ఉన్న పేజీ takeout.google.com. అక్కడ అన్ని టిక్‌లూ తీసేసి, గూగుల్ ఫొటోస్ ఒక్కటే ఎంచుకోవాలి. ఒక్కో ఫైల్ ఎంత సైజులో కావాలో అడుగుతుంది. ముందే ఎంచుకుని ఉండేది 2 జీబీ. అలాగే వదిలేస్తే 62 జీబీకి 31కి పైగా జిప్‌లు వస్తాయి. 10 జీబీ పెట్టుకుంటే ఏడు, 50 జీబీ పెట్టుకుంటే రెండు. చిన్న సైజు పెడితే ఫైళ్ల సంఖ్య పెరుగుతుంది, పెద్ద సైజు పెడితే మధ్యలో నెట్ తెగినప్పుడు నష్టం పెరుగుతుంది. ఇంట్లో ఫైబర్ నెట్ ఉంటే 10 జీబీ సరైన మధ్యేమార్గం అనిపిస్తుంది.

నిజానికి వచ్చేది 62 జీబీ కన్నా ఎక్కువే ఉండొచ్చు. ఎందుకంటే ఆల్బమ్‌లో ఉన్న ఫొటో టేక్‌అవుట్‌లో రెండుసార్లు వస్తుంది. ఆ ఏడాది పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఒకసారి, ఆల్బమ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో మరోసారి. జిప్‌లు దించుకున్నాక వాటిని విప్పడానికి మళ్లీ అంతే జాగా కావాలి. అంటే కంప్యూటర్‌లో కనీసం 124 జీబీ ఖాళీగా ఉండాలి. ఈ పని ఫోన్‌లో చేయాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు.

సమయం సంగతి చూద్దాం. సెకనుకు 40 మెగాబిట్ల స్పీడ్ నిలకడగా వస్తే 62 జీబీ దిగడానికి సుమారు మూడున్నర గంటలు. అదే స్పీడ్‌తో ఐక్లౌడ్‌కు ఎక్కించడానికి మరో మూడున్నర గంటలు. ఫైబర్ ఉన్న ఇంట్లో ఒక ఆదివారంతో పోయే పని ఇది. ఇప్పుడు రోజుకు 2 జీబీ మొబైల్ డేటా ప్యాక్ మీదే ఆధారపడిన ఇల్లు తీసుకోండి. దించడానికి 31 రోజులు, ఎక్కించడానికి 31 రోజులు. రెండు నెలలు యూట్యూబ్ చూడకుండా కూర్చోవాలన్నమాట. అప్పటికైనా పని పూర్తవుతుందా అంటే, కాదు. టేక్‌అవుట్ లింకు సుమారు ఏడు రోజులే పనిచేస్తుంది. ఆ వారంలో 2 జీబీ ప్యాక్‌తో దిగేది 14 జీబీ. తర్వాత లింకు చచ్చిపోతుంది, మళ్లీ కొత్తగా రిక్వెస్ట్ పెట్టాలి. పైగా ఒక్కో ఫైల్‌ను ఐదు సార్లకు మించి డౌన్‌లోడ్ చేయనివ్వదు. మధ్యలో తెగి మొదటికి వచ్చిన ప్రయత్నాలు ఆ ఐదులో కలిసిపోయే ప్రమాదం ఉంది.

నేరుగా పంపే దారిలో ఈ లెక్కలేవీ లేవు. మీ ఫోన్ నుంచి పోయేది రెండు లాగిన్‌లకూ, నాలుగు బటన్‌లకూ అయ్యే డేటా మాత్రమే. బట్వాడా అంతా రెండు కంపెనీల సర్వర్ల మధ్యే జరుగుతుంది.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

దీని వెనక ఒక ఉమ్మడి ప్రయత్నం ఉంది. 2018 జులైలో గూగుల్, ఫేస్‌బుక్, మైక్రోసాఫ్ట్, ట్విటర్ కలిసి డేటా ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్‌ను ప్రకటించాయి. 2019లో ఆపిల్ చేరింది. ఆలోచన సులువైనదే. ప్రతి కంపెనీ ఫొటోను తనదైన పద్ధతిలో దాచుకుంటుంది. పది కంపెనీలుంటే ప్రతి జంటకూ విడివిడిగా దారి వేయడం కుదిరే పని కాదు. అందుకని మధ్యలో ఒక ఉమ్మడి రూపం పెట్టుకున్నారు. పంపే కంపెనీ తన ఫొటోను ఆ ఉమ్మడి రూపంలోకి మారుస్తుంది, తీసుకునే కంపెనీ అందులోంచి తన పద్ధతిలోకి మార్చుకుంటుంది. తమిళం మాట్లాడే ఆయన, బెంగాలీ మాట్లాడే ఆయన రైల్లో హిందీలో మాట్లాడుకున్నట్టు అనుకోండి. పని జరుగుతుంది కానీ, ఇద్దరి భాషల్లోని కొన్ని మాటలు మధ్యలో జారిపోతాయి. ఈ ట్రాన్స్‌ఫర్‌లలో పోయేవన్నీ అలా పోయేవే. ఆ జాబితా తర్వాత చూద్దాం.

మీ పాస్‌వర్డ్ ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి వెళ్లదు. గూగుల్ పేజీలో మొదలుపెడతారు. గమ్యంగా ఆపిల్‌ను ఎంచుకోగానే ఆపిల్ లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ మీరు ‘ఈ అకౌంట్‌లో ఫొటోలు, వీడియోలు చేర్చడానికి ఒప్పుకుంటున్నాను’ అని అనుమతి ఇస్తారు. ఆ అనుమతి ఒక తాత్కాలిక తాళంచెవి లాంటిది. దానితోనే ఫొటోలు కొత్త చోట చేరతాయి.

పనిలో దిగేముందు ఐఫోన్ వైపు మూడు సంగతులు సరిచూసుకోవాలి. ఆపిల్ అకౌంట్‌కు టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ ఆన్‌లో ఉండాలి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో iCloud Photos ఆన్ చేసి ఉండాలి. ఐక్లౌడ్‌లో సరిపడా జాగా ఉండాలి. మూడోదే ఎక్కువమంది మర్చిపోయేది. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. 50 జీబీ ప్లాన్‌లో 62 జీబీ పట్టదు. జాగా నిండితే అక్కడివరకూ వచ్చినవి వచ్చి, మిగతావి వెనకే ఉండిపోతాయి. కాబట్టి ఈ ఇంటికి 200 జీబీ ప్లాన్ ముందే తీసుకోవాలి, ట్రాన్స్‌ఫర్ అయ్యాక కాదు. ‘డబ్బులు ఆదా చేద్దామని మొదలుపెడితే ఇదేంటి’ అనిపించొచ్చు. కొద్దిరోజులు రెండు ప్లాన్‌లూ నడపక తప్పదు, దాన్ని మార్పు ఖర్చులో రాసుకోవాలి.

తర్వాత పని చిన్నదే. టేక్‌అవుట్‌లో గూగుల్ ఫొటోస్ కాపీని వేరే సర్వీసుకు పంపే ఆప్షన్ ఎంచుకుని, గమ్యంగా ఆపిల్ ఐక్లౌడ్ ఫొటోస్ పెట్టి, లాగిన్ అయి, అనుమతి ఇవ్వాలి. ఈ సౌకర్యం 2024 జులైలో వచ్చింది. దీనికి వ్యతిరేక దిశలో, అంటే ఐక్లౌడ్ నుంచి గూగుల్ ఫొటోస్‌కు పంపేది 2021 మార్చి నుంచే ఉంది. అది privacy.apple.com లో మొదలవుతుంది. మొదట్లో కొన్ని దేశాలకే ఉన్నా, తర్వాత మిగతా దేశాలకూ విస్తరించారు.

గంటల్లో అయిపోవచ్చు, రోజులు పట్టొచ్చు. ఐక్లౌడ్ నుంచి గూగుల్‌కైతే మూడు నుంచి ఏడు రోజులు పడుతుందని ఆపిలే చెబుతోంది. రిక్వెస్ట్ నిజంగా మీరే పెట్టారా అని నిర్ధారించుకోవడం కూడా ఆ సమయంలో భాగమే. అంతసేపూ ఫోన్ ఆన్‌లో ఉంచాల్సిన పనిలేదు. పూర్తయ్యాక మెయిల్ వస్తుంది.

‘ట్రాన్స్‌ఫర్’ అన్నా, అది కాపీయే

ఈ పదమే చాలామందిని తప్పుదోవ పట్టిస్తుంది. బ్యాంకులో డబ్బు ట్రాన్స్‌ఫర్ చేస్తే ఇక్కడ తగ్గి అక్కడ పెరుగుతుంది. ఇక్కడ అలా కాదు. గూగుల్‌లో ఉన్నవి గూగుల్‌లోనే ఉంటాయి, ఐక్లౌడ్‌లో కాపీ చేరుతుంది. ఒకసారి జరిగే పని కూడా. మీరు రిక్వెస్ట్ పెట్టాక తీసిన ఫొటో గూగుల్‌లోకి వెళ్తే అది దానంతటదే ఐక్లౌడ్‌కు రాదు. అనుమానంతో మరోసారి మొత్తం పంపితే డూప్లికేట్‌లు పోగయ్యే ప్రమాదం ఉంది.

డూప్లికేట్‌లకు ఇంకో దారి కూడా ఉంది. కొత్త ఐఫోన్ సెటప్ చేసేటప్పుడు ‘Move to iOS’ యాప్‌తో పాత ఫోన్‌లోని గ్యాలరీని కూడా తెచ్చుకుని ఉంటారు. అవే ఫొటోలు గూగుల్ నుంచి మళ్లీ వస్తాయి. ఐఫోన్ ఫొటోస్ యాప్‌లో Duplicates అనే చోట ఇలాంటివి కలిపేసుకోవచ్చు. కానీ గూగుల్‌లో ‘స్టోరేజ్ సేవర్’ కింద కుదించిన కాపీ ఒకటీ, ఫోన్‌లోంచి వచ్చిన అసలు ఫొటో ఒకటీ ఉంటే సైజులు వేరు. తొందరపడి ఏదో ఒకటి తీసేయకుండా చూసుకోవాలి. అన్నట్టు, స్టోరేజ్ సేవర్‌లో దాచిన ఫొటోకు గూగుల్ దగ్గర ఉన్నదే ఆ కుదించిన కాపీ. ఏ దారిలో తెచ్చినా అసలు క్వాలిటీ తిరిగి రాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. నేరుగా పంపే సాధనం క్లౌడ్‌లో ఉన్నదాన్నే చూస్తుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో కెమెరా ఫోల్డర్ ఒక్కటే బ్యాకప్ అవుతూ, వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డర్ ఆన్ చేయకుండా ఉండటం చాలా ఇళ్లలో కనిపించేదే. పెళ్లికి ఫొటోగ్రాఫర్ తీసినవి పక్కనపెడితే, బంధువులు తీసి పంపినవన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి. లాక్డ్ ఫోల్డర్‌లో పెట్టినవి కూడా, దానికి విడిగా బ్యాకప్ ఆన్ చేయకపోతే ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లవు. ఇవి ట్రాన్స్‌ఫర్‌లోనూ రావు, టేక్‌అవుట్ జిప్‌లోనూ రావు. పాత ఫోన్‌ను ఎక్స్చేంజ్‌లో ఇచ్చేముందు గూగుల్ ఫొటోస్ సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఫోల్డర్ల జాబితా తెరిచి చూడటం రెండు నిమిషాల పని. అది చేయకుండా ఫోన్ ఇచ్చేస్తే తర్వాత ఏ సాధనమూ కాపాడలేదు.

జిప్‌లో వచ్చే తేదీల చిక్కు

‘సరే, నాకు ఫైబర్ ఉంది, హార్డ్ డిస్క్ ఉంది, జిప్‌లే దించుకుంటా’ అనేవాళ్లకు ఒక హెచ్చరిక. టేక్‌అవుట్ జిప్ విప్పగానే ప్రతి ఫొటో పక్కన అదే పేరుతో ఒక చిన్న .json ఫైల్ కనిపిస్తుంది. చెత్త అనుకుని చాలామంది తీసేస్తారు. తేదీలు ఉండేది అందులోనే.

కెమెరాతో తీసిన ఫొటోలో తేదీ ఫొటో లోపలే ఉంటుంది. దాన్ని ఎక్కడ పెట్టినా పోదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో అది ఉండదు, పంపేటప్పుడే పోతుంది. స్కాన్ చేసిన అమ్మమ్మ పెళ్లి ఫొటోకు మీరు గూగుల్ ఫొటోస్‌లో చేత్తో పాత తేదీ ఇచ్చి ఉంటే, ఆ సవరణ కూడా ఫొటో లోపలికి వెళ్లదు. ఈ రెండు రకాల ఫొటోలకూ తేదీ చెప్పేది ఆ పక్క ఫైలే. దాన్ని వదిలేసి ఫొటోలను మాత్రమే కొత్త చోట ఎక్కిస్తే, పదేళ్ల వాట్సాప్ ఫొటోలన్నీ డౌన్‌లోడ్ చేసిన వారం కింద కుప్పగా పడతాయి. ఇలా జరిగిందని తెలుసుకోవడం సులువే. కొత్త లైబ్రరీలో ఈ వారం కిందికి వెళ్లి చూడండి, ఎప్పటివో ఫొటోలు వందల్లో కనిపిస్తే అదే సంగతి.

ఆ ఫైల్‌లో తేదీ ఇలా ఉంటుంది:

```
"photoTakenTime": {
  "timestamp": "1549738200",
  "formatted": "Feb 9, 2019, 6:50:00 PM UTC"
}
```

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మన పెళ్లి ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక ఉండటం మామూలే. పై ఫొటో 2019 ఫిబ్రవరి 10వ తేదీ రాత్రి 12 గంటల 20 నిమిషాలకు తీసింది. ఫైల్‌లో మాత్రం ఫిబ్రవరి 9 సాయంత్రం 6.50 అని ఉంది. తప్పేమీ లేదు, అది గ్రీన్‌విచ్ సమయం. మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. అది గమనించకుండా తేదీలను చేత్తో గానీ, ఏదైనా టూల్‌తో గానీ ఫొటోల్లోకి ఎక్కిస్తే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర దాకా తీసినవన్నీ ముందురోజు కిందికి జారిపోతాయి. తలంబ్రాల ఫొటో ముందురోజు పెళ్లికూతుర్ని చేసిన ఫొటోల మధ్యలో కనిపిస్తుంది.

ఫొటో ఒక జిప్‌లో, దాని .json ఇంకో జిప్‌లో పడటం కూడా జరుగుతుంది. అందుకే జిప్‌లన్నీ దించాకే, అన్నిటినీ ఒకే చోట విప్పాలి. ఒక్కొక్కటి విప్పి ఒక్కొక్కటి ఎక్కించే పద్ధతి వద్దు.

నేరుగా పంపితే ఈ పక్క ఫైళ్ల గొడవ మీ దాకా రాదు. అలాగని గుడ్డిగా నమ్మే పరిస్థితీ లేదు. ఐక్లౌడ్ నుంచి గూగుల్‌కు పంపేటప్పుడు ఏవేం రావో ఆపిల్ స్వయంగా చెప్పింది. షేర్డ్ ఆల్బమ్‌లు రావు. స్మార్ట్ ఆల్బమ్‌లు రావు. లైవ్ ఫొటోలు, కొన్ని రా ఫొటోలు, కొంత మెటాడేటా రావు. ఎడిట్ చేసిన ఫొటోకు ఆఖరి ఎడిట్ మాత్రమే వస్తుంది, అసలు ఫొటో రాదు. ఫొటోలు ఆల్బమ్‌లతో వస్తాయి కానీ వీడియోలు ఆల్బమ్ విడిచి వస్తాయి. అంటే ‘అన్నప్రాసన’ అని మీరు పెట్టుకున్న ఆల్బమ్‌లో ఫొటోలు కనిపిస్తాయి, అదే రోజు వీడియో మాత్రం లైబ్రరీలో విడిగా ఉంటుంది. పోయిందని కంగారుపడి మళ్లీ ట్రాన్స్‌ఫర్ పెట్టకుండా, ఆ తేదీకి వెళ్లి వెతకాలి. ఉమ్మడి భాషలో జారిపోయే మాటలు అన్నది ఇవే.

షేర్డ్ ఆల్బమ్‌ల విషయం మన ఇళ్లలో కాస్త పెద్దదే. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే మనవడి ఫొటోలు సాధారణంగా షేర్డ్ ఆల్బమ్‌లోనే వస్తుంటాయి. అవి మీ ఫోన్‌లో కనిపిస్తున్నా, మీ లైబ్రరీలోవి కావు. అలాంటివాటిని ముందుగా మీ లైబ్రరీలో సేవ్ చేసుకోవడమో, వాటి సొంతదారులను మళ్లీ పంపమనడమో చేయాలి.

మరి పోస్టుల సంగతి?

ఫొటో ఎక్కడున్నా ఫొటోయే. పోస్టు అలా కాదు. ఫేస్‌బుక్ పోస్టు అంటే మీరు రాసిన మాట, దానికి వచ్చిన స్పందన, ఎవరు చూడొచ్చన్న సెట్టింగ్... అన్నీ కలిసినది. ఫేస్‌బుక్ 2019 డిసెంబరులో ఫొటోలను గూగుల్ ఫొటోస్‌కు పంపే సాధనాన్ని ఐర్లాండ్‌లో మొదలుపెట్టి, 2020లో అన్ని దేశాలకూ తెచ్చింది. 2021లో పోస్టులను గూగుల్ డాక్స్, బ్లాగర్, వర్డ్‌ప్రెస్.కామ్‌లకు పంపే వీలు చేర్చింది. పని జరుగుతుంది. కానీ గూగుల్ డాక్స్‌లో లైక్‌కు చోటు లేదు, ‘ఫ్రెండ్స్ మాత్రమే’ అన్న సెట్టింగ్‌కు అర్థం లేదు. మీ మాట వెళ్తుంది, దాని చుట్టూ జరిగిన సందడి వెళ్లదు.

బ్లాగర్‌కో, వర్డ్‌ప్రెస్‌కో పంపేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అవి నలుగురికీ చూపించడానికి పుట్టినవి. ఇక్కడ స్నేహితులకే పరిమితం చేసుకున్న మాట అక్కడ ఎవరికి కనిపిస్తోందో, లాగౌట్ అయి ఒకసారి చూసుకోవాలి.

పోస్టుల విషయంలో నా ఓటు డౌన్‌లోడ్‌కే. మీ అకౌంట్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్ లోపల, మీ సమాచారం అన్న విభాగంలో ఈ రెండు ఆప్షన్‌లూ పక్కపక్కనే ఉంటాయి. మెనూ పేర్లను మెటా మారుస్తుంటుంది కానీ, ‘డివైస్‌కు’, ‘వేరే సర్వీసుకు’ అన్న రెండు దారులు కనిపిస్తాయి. డౌన్‌లోడ్‌లో మీ పోస్టులే కాదు, మీరు ఇతరుల దగ్గర రాసిన కామెంట్‌లు, మెసేజ్‌లు కూడా తీసుకోవచ్చు. మీ పోస్టు కింద ఇతరులు రాసిన కామెంట్‌లు మాత్రం అందులోనూ రావు. అవి వాళ్ల డేటా అన్నది లెక్క. చనిపోయిన వాళ్ల గోడ మీద రాసిన మాటలు దాచుకోవాలనుకునే కుటుంబాలకు ఇది గుచ్చుకునే విషయం. అలాంటివి స్క్రీన్‌షాట్ తీసుకోవడమే దారి.

డౌన్‌లోడ్ ఫార్మాట్ అడిగినప్పుడు HTML ఎంచుకోండి. ఇంకో ఆప్షన్ JSON. అందులో తెలుగు రాతలు పిచ్చిగీతల్లా మారి వస్తాయి. ఏళ్లుగా ఉన్న చిక్కు ఇది. ‘అమ్మ’ అని మీరు రాసిన మాట ఆ ఫైల్‌లో ఇలా కనిపిస్తుంది:

```
\u00e0\u00b0\u0085\u00e0\u00b0\u00ae\u00e0\u00b1\u008d\u00e0\u00b0\u00ae
```

తెలుగులో ఒక్కో అక్షరానికీ, గుర్తుకూ కంప్యూటర్ మూడేసి బైట్లు వాడుతుంది. ఆ మూడింటినీ కలిపి చదవాల్సింది పోయి, విడివిడిగా మూడు అక్షరాలుగా రాసేయడం వల్ల వచ్చిన గజిబిజి ఇది. ఇప్పటికే JSON దించుకుని ఉంటే కంగారు వద్దు, రాత పోలేదు. పైథాన్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే, పాఠాన్ని చదివించాక ఒక్క వరుసతో సరిచేస్తారు:

```
s.encode("latin-1").decode("utf-8")
```

ఫేస్‌బుక్ లైవ్ వీడియోలది ఇంకో కథ. 2025 ఫిబ్రవరి 19 నుంచి కొత్త లైవ్ వీడియోలను 30 రోజులే ఉంచుతామని మెటా ప్రకటించింది. పాతవి కూడా తొలగిస్తామని, నోటీసు వచ్చాక 90 రోజుల్లోగా డౌన్‌లోడ్ చేసుకోవాలని, లేదంటే గూగుల్ డ్రైవ్‌కో, డ్రాప్‌బాక్స్‌కో పంపుకోవాలని చెప్పింది. గుడి ఉత్సవాన్నో, అక్క నాట్య ప్రదర్శననో లైవ్ పెట్టి, అక్కడే ఉంటుందిలే అనుకున్నవాళ్లకు అది గట్టి దెబ్బ. ఇప్పటికీ లైవ్ పెట్టేవాళ్లు నెల తిరక్కముందే కాపీ తీసుకోవాలి. గంట నిడివి లైవ్‌లు ఫోన్‌లోకి దించడం కష్టం కాబట్టి, ఈ పనికి నేరుగా పంపే దారే నయం.

పాతది ఎప్పుడు తీసేయాలి?

ట్రాన్స్‌ఫర్ పూర్తయిందని మెయిల్ రాగానే గూగుల్ ఫొటోస్ ఖాళీ చేయొద్దు. ముందు లెక్క చూడాలి. iCloud.com లో ఫొటోస్ తెరిస్తే లైబ్రరీ అడుగున మొత్తం ఫొటోలు, వీడియోల సంఖ్య కనిపిస్తుంది. మొత్తం అంకెలు రెండు వైపులా అచ్చంగా సరిపోవు, డూప్లికేట్‌ల వల్ల తేడా ఉంటుంది. అందుకని నాలుగైదు ఆల్బమ్‌లు తీసుకుని, గూగుల్‌లో ఆల్బమ్ కింద కనిపించే సంఖ్యను కొత్త చోట సంఖ్యతో పోల్చండి. ఏడాదికొకటి చొప్పున పెద్ద వీడియోలు తెరిచి చివరిదాకా ఆడుతున్నాయో లేదో చూడండి. వాట్సాప్ ఫొటోలు సరైన ఏడాదిలో ఉన్నాయో లేదో చూడండి. 62 జీబీ ఉన్న ఇంట్లో ఐక్లౌడ్ స్టోరేజీ 40 జీబీ మాత్రమే చూపిస్తుంటే, అది డూప్లికేట్‌ల తేడా కాదు, ఏదో ఆగిపోయింది.

తీసేసేటప్పుడు జరిగే ప్రమాదం ఇంకొకటి ఉంది. కొత్త ఐఫోన్‌లో గూగుల్ ఫొటోస్ యాప్ వేసుకుని, దానికి ఫొటోలన్నిటి మీదా అనుమతి ఇచ్చి ఉంటే, ఆ యాప్‌లో చేసే డిలీట్ ఐఫోన్‌లోని కాపీని కూడా తీసేస్తుంది. ఐఫోన్‌లో పోతే ఐక్లౌడ్‌లోనూ పోతుంది. మధ్యలో యాప్ అనుమతి అడుగుతుంది కానీ, వందల ఫొటోలు తీసేసే తొందరలో ‘డిలీట్’ నొక్కేసే చేతులే ఎక్కువ. అందువల్ల ముందు ఐఫోన్‌లోంచి గూగుల్ ఫొటోస్ యాప్ తీసేసి, కంప్యూటర్‌లో photos.google.com తెరిచి అక్కడ తీసేయడం క్షేమం. పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఇంకా ఇంట్లో ఉంటే అందులోనూ బ్యాకప్ ఆపాలి. బ్యాకప్ అయిన ఫొటోలు గూగుల్ ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి. పొరపాటు జరిగితే వెనక్కి తెచ్చుకునే గడువు అదే.

తీసేసే ముందు ఒక్కసారైనా టేక్‌అవుట్ జిప్‌లు కూడా దించి, ఇంట్లో హార్డ్ డిస్క్‌లో పెట్టుకోమని చెబుతాను. నేరుగా పంపడం ఇల్లు మారడానికి. జిప్ అనేది బీరువాలో దాచుకునే దస్తావేజు లాంటిది. ఐక్లౌడ్ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోయినా, ప్లాన్ రెన్యువల్ ఆగిపోయినా చేతిలో ఉండేది అదొక్కటే. ఫైబర్ లేనివాళ్లు ఏడాదికొక ఆల్బమ్ చొప్పున ఎంచుకుని చిన్న చిన్న రిక్వెస్ట్‌లు పెట్టుకోవచ్చు. 14 జీబీ లోపు ఉండేలా చూసుకుంటే రోజుకు 2 జీబీ ప్యాక్‌తో కూడా వారంలో దిగిపోతుంది. నెట్ సెంటర్‌లో మాత్రం ఈ పని చేయొద్దు. జిప్ అక్కడి కంప్యూటర్‌లో మిగిలిపోతే ఇంటి గుట్టంతా అక్కడ ఉన్నట్టే.

అన్నీ సరిచూసుకున్నాక చివరి పని, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవడం. గూగుల్‌కు ఫొటోలు పంపినవాళ్లు myaccount.google.com/connections లో ఎవరెవరికి యాక్సెస్ ఉందో చూసి, పని అయిపోయిన పేరు తీసేయొచ్చు.

హక్కు ఉందా, సౌకర్యమేనా?

ఐరోపాలో ఇది చట్టం ఇచ్చిన హక్కు. అక్కడి డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 20వ ఆర్టికల్ ప్రకారం, సాంకేతికంగా వీలున్న చోట తన డేటాను ఒక సంస్థ నుంచి మరో సంస్థకు నేరుగా పంపమని అడగొచ్చు. మన దగ్గర 2019 నాటి బిల్లులో అలాంటి హక్కు ఉండేది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అది లేదు. మీ డేటాకు సంబంధించిన సారాంశం అడగడం, తప్పులు సరిచేయించుకోవడం, తొలగించమనడం, మీ తర్వాత ఈ హక్కులు ఎవరు వాడుకోవాలో నామినీగా పేర్కొనడం వంటివి ఉన్నాయి. కాబట్టి గూగుల్ నుంచి ఐక్లౌడ్‌కు మన ఫొటోలు వెళ్తున్నాయంటే ఆ కంపెనీలు ఇచ్చిన సౌకర్యం వల్లే. రేపు ఏదైనా కంపెనీ ఆ బటన్ తీసేస్తే, ఈ చట్టాన్ని చూపించి అడగడానికి వీలుండదు. ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతి చిన్న ఫొటో యాప్‌లో ఇలాంటి బటన్ లేకపోవడానికీ కారణం అదే. కొత్త యాప్‌లో ఫొటోలు దాచడం మొదలుపెట్టేముందు దాని సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అనే మాట ఉందో లేదో వెతకండి. లేకపోతే అక్కడ పెట్టే ప్రతి ఫొటోకూ ఇంకో కాపీ మీ దగ్గర ఉంచుకోండి.